ఆర్కిటెక్ట్, ఇంటీరియర్ డిజైనర్ ఒకరికొకరు క్లయింట్లను పంపుకోవడం: కమీషన్ లేకుండా ఎలా నడపాలి

తిరుపతిలో ఇల్లు కట్టించుకునే వాళ్లలో ఒక రకం క్లయింట్ తరచూ తగులుతుంటాడు. ఉద్యోగం బెంగళూరులోనో చెన్నైలోనో, అమ్మానాన్న ఇక్కడే, స్థలం అవిలాల వైపో పేరూరు వైపో. నెలకోసారి వచ్చి సైట్ చూసి పోతాడు. రెండో స్లాబ్ పడ్డాక ఒకరోజు ఫోన్ చేసి, "సార్, ఇంటీరియర్‌కి మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఆర్కిటెక్ట్‌ను అడుగుతాడు. డిజైనర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతారు: "మేడం, ప్లాన్ గీయడానికి మంచివాళ్లు ఎవరున్నారు?"

ఆ జవాబు వెనకాల ఒక పద్ధతి ఉండాలి. ఎవరిని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, డబ్బు సంగతేంటి, రేపు కబోర్డు ఉబ్బిపోతే ఫోన్ ఎవరికి వస్తుంది, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. నేను ఇక్కడ ప్లాన్లు గీసే వైపు ఉన్నవాణ్ణి కాబట్టి ఎక్కువగా అటునుంచే చెప్తాను, డిజైనర్ వైపు విషయాలు మధ్యలోనూ చివరా వస్తాయి.

ముందు డబ్బు సంగతి తేల్చండి

ఇద్దరు కలిసి కాఫీ తాగుతూ మాట్లాడుకున్నప్పుడు మొదటి పది నిమిషాల్లోనే "ఎంత పర్సెంట్?" అనే మాట వస్తుంది. ఐదంటారు, ఏడంటారు, పదంటారు. అక్కడే ఆగండి.

ఆర్కిటెక్ట్స్ యాక్ట్ 1972 కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు రిజిస్టర్ అయినవాళ్లకు 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. అందులో ఒకటి ఏ సందేహానికీ తావు లేకుండా ఉంది: క్లయింట్‌ను గానీ పనిని గానీ పరిచయం చేసినందుకు డిస్కౌంట్, కమీషన్, బహుమతి, మరే ఆశ చూపడమైనా ఇవ్వకూడదు, తీసుకోకూడదు. తీసుకోకూడదు అన్న సగం అందరికీ గుర్తుంటుంది, ఇవ్వకూడదు అన్న సగం మర్చిపోతారు. అంటే మీకు పని తెచ్చిన డిజైనర్‌కి దీపావళికి కవర్‌లో పెట్టి ఇచ్చినా అదీ దీని కిందకే వస్తుంది. ఫిర్యాదు వెళ్లి దుష్ప్రవర్తన అని తేలితే కౌన్సిల్ మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, రిజిస్టర్ నుంచి పేరే తీసేయవచ్చు.

ఇంటీరియర్ డిజైనర్‌కి ఇలాంటి లైసెన్సు చట్టం మన దగ్గర లేదు. కాబట్టి ఒక డిజైనర్, ఒక సివిల్ ఇంజనీర్ కమీషన్ మాట్లాడుకుంటే ఈ నియమం వాళ్లను నేరుగా పట్టుకోదు. అయినా అక్కడ కూడా క్లయింట్‌కు రాతపూర్వకంగా చెప్పకుండా తీసుకోవద్దనే అంటాను, ఎందుకో ఈ లెక్క చూడండి.

ఇంటీరియర్ బడ్జెట్ 14 లక్షలు అనుకుందాం. ఏడు శాతం అంటే 98,000. డిజైనర్ దాన్ని తన జేబులోంచి తీసి ఇవ్వడు, ఇవ్వలేడు కూడా. రేటు ముందే మాట్లాడేశారు కాబట్టి అది మెటీరియల్లోంచి రావాలి. సింక్ కింద నీళ్లను తట్టుకునే 710 గ్రేడ్ ప్లైవుడ్ వేయాల్సిన చోట 303లో మామూలు ఎంఆర్ షీటు వస్తుంది. రెండు మిల్లీమీటర్ల ఎడ్జ్ బ్యాండ్ 0.8 అవుతుంది. సాఫ్ట్ క్లోజ్ హింజ్ రకం మారుతుంది. ఇవేవీ గృహప్రవేశం రోజు కనిపించవు. ఒకటో రెండో వానాకాలాలు పోయాక సింక్ కింద అడుగు షీటు ఉబ్బినప్పుడు తెలుస్తాయి.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. సైట్‌కి వెళ్లినప్పుడు ఆ ఎంఆర్ షీటు మీ కంట పడిందనుకోండి, ఏమంటారు? 98,000 తీసుకున్నవాడు నీళ్లు నములుతాడు. క్లయింట్ ఊళ్లో లేడు, అతనికి ఉన్న కన్ను మీదొక్కటే, సరిగ్గా మాట్లాడాల్సిన చోట మీ నోరు కట్టేసి ఉంటుంది. కమీషన్‌తో అసలు చిక్కు ఇదే, నియమాల భయం తర్వాతది.

టైల్స్ షాపు, ప్లైవుడ్ షాపు, హార్డ్‌వేర్ షాపు ఇచ్చే "పాయింట్లు" కూడా ఈ లెక్కలోవే. షాపువాళ్లు ఇస్తామంటే "అది బిల్లులోనే తగ్గించి క్లయింట్ పేరు మీద వేయండి" అనండి. మొదట్లో వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు.

మరి డబ్బు ఎలా వస్తుంది?

పరిచయానికి డబ్బు లేదు, చేసిన పనికి ఉంది. డిజైనర్ వచ్చాక ఆర్కిటెక్ట్‌కు నిజంగానే పని పెరుగుతుంది: ఎలక్ట్రికల్ డ్రాయింగ్ మళ్లీ గీయాలి, ప్లంబింగ్ పాయింట్లు సరిచూడాలి, రెండు మూడుసార్లు డిజైనర్‌తో కలిసి సైట్‌కి వెళ్లాలి. ఇది మొదటి ఫీజులో లేకపోతే విడిగా రాసి, క్లయింట్ నుంచే, మీ బిల్లు మీదే తీసుకోండి. మన ఉదాహరణ ఇంటికి సవరించిన డ్రాయింగులు, మూడు ఉమ్మడి సైట్ విజిట్‌లు కలిపి 30,000 అనుకుందాం. 98,000 కన్నా చాలా తక్కువ, నిజమే. కానీ ఇది ఎవరి ముందైనా చూపించగలిగే బిల్లు, దీన్ని తీసుకున్నాక ఆ షీటు మార్చమని గట్టిగా చెప్పొచ్చు.

డిజైనర్ వైపు కూడా అంతే. ప్లాన్ దశలో ఫర్నిచర్ లేఅవుట్ వేసి పెట్టమని ఆర్కిటెక్ట్ అడిగితే అది ఉచిత సేవ కాకూడదు, క్లయింట్‌కు ముందే రేటు చెప్పి తీసుకోవాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు 18 శాతం పైన పడుతుందని కొటేషన్‌లోనే రాయండి, చివర్లో చెప్తే గొడవే.

ఇద్దరికీ క్లయింట్‌తో వేర్వేరు ఒప్పందాలు, వేర్వేరు బిల్లులు ఉండాలి. "అంతా నాకే ఇచ్చేయండి, నేను వాళ్లకు సర్దుతాను" అనే పద్ధతి మొదట్లో క్లయింట్‌కు సుఖంగా ఉంటుంది, రెండో ఇన్‌స్టాల్‌మెంట్ ఆలస్యమైన రోజు నుంచి ముగ్గురికీ టెన్షన్.

ఎవరితో కలవాలి

ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు చూసి ఎంచుకోవద్దు. డిజైనర్ చేసిన ఇళ్లలో కనీసం రెండేళ్లు కాపురం జరిగిన ఇల్లు ఒకటి చూడండి, వంటింటి సింక్ కింద తలుపు తీసి చూడండి, డ్రాయర్లు లాగి చూడండి, తర్వాత ఇంటావిడను ఒక్క ప్రశ్న అడగండి: "పని అయ్యాక ఫోన్ చేస్తే వచ్చారా?" ఆ జవాబే మీకు కావాల్సింది. ఆ తర్వాత ఇప్పుడు నడుస్తున్న సైట్ ఒకటి చూడండి, కార్పెంటర్ చేతిలో కొలతలతో డ్రాయింగ్ ఉందా, లేక ఫోన్‌లో ఒక ఫొటో పెట్టుకుని కోస్తున్నాడా అన్నది అక్కడ తెలుస్తుంది.

ఇంకో విషయం తప్పకుండా అడగండి. డిజైన్ మాత్రమే ఇస్తారా, లేక టర్న్‌కీ చేస్తారా? డిజైన్ మాత్రమే ఇచ్చేవాళ్ల ఆదాయం ఫీజు. టర్న్‌కీ చేసేవాళ్ల ఆదాయం ఎక్కువగా మెటీరియల్, లేబర్ మీద మిగిలేది. రెండూ తప్పు కాదు, కానీ టర్న్‌కీ డిజైనర్‌ను చెప్పేటప్పుడు షీటు గ్రేడ్, హార్డ్‌వేర్ బ్రాండ్, లామినేట్ మందం కొటేషన్‌లో వరుసగా రాసి ఇచ్చే అలవాటు ఉందో లేదో ముందే చూసుకోవాలి. "చదరపు అడుక్కు ఇంత, అంతా కలిపి" అని ఒక్క లైన్ రాసేవాళ్ల పేరు నేనైతే ఎవరికీ చెప్పను.

డిజైనర్లు కూడా ఆర్కిటెక్ట్‌ను ఇలాగే పరీక్షించాలి. స్లాబు, బీముల ఎత్తులు రాసి ఉన్న డ్రాయింగులు ఇస్తాడా, సైట్‌లో మారినవాటిని డ్రాయింగ్‌లో సరిచేస్తాడా, ఫోన్ ఎత్తుతాడా. ఎంత పెద్ద పేరున్నా అడిగిన డ్రాయింగ్ పదిహేను రోజులకు ఇచ్చే ఆర్కిటెక్ట్‌తో మీ షెడ్యూల్ నడవదు.

మీరే ఇంటీరియర్ కూడా చేసే ఆర్కిటెక్ట్ అయితే ఏ రకం పని మీరు ఉంచుకుంటారో, ఏది పంపుతారో ముందే చెప్పేయండి. మంచి పనులు మీరు పట్టుకుని, బేరం ఎక్కువాడే క్లయింట్లను మాత్రమే పంపితే అవతలివాళ్లకు రెండో క్లయింట్‌తోనే అర్థమైపోతుంది.

హద్దు గీసి, ఒక పేజీ రాసుకోండి

లాయర్ పత్రం అక్కర్లేదు, ఒక పేజీ చాలు. కానీ నోటి మాటతో వదిలేయొద్దు.

గొడవ ఎక్కువగా వచ్చే చోట్లు నాలుగైదే: ఎలక్ట్రికల్ పాయింట్లు, ఫాల్స్ సీలింగ్, బాత్‌రూమ్ టైల్స్, మెట్ల రెయిలింగ్, పూజ గది. వీటిలో ఒక్కోటి ఎవరిదో పేరు రాయండి. ఎలక్ట్రికల్ డ్రాయింగ్ విషయంలో నా అభిప్రాయం మార్చుకోను: పాయింట్ ఎక్కడ రావాలో డిజైనర్ చెప్పాలి, డ్రాయింగ్ మాత్రం ఆర్కిటెక్ట్ ఆఫీసు నుంచి ఒక్కటే, తేదీ వేసి వెళ్లాలి. ఎలక్ట్రీషియన్ చేతిలో రెండు డ్రాయింగులు ఉంటే అతను మూడోది చేస్తాడు.

వాస్తు మాట కూడా ఇందులోనే రాసుకోండి. మన దగ్గర సిద్ధాంతి గారు ఒకసారి చూసి వెళ్లారంటే సరిపోదు, పెద్దవాళ్లు ఇంకొకరికి చూపిస్తారు, పూజ గది ఈశాన్యంలో ఇంకాస్త జరగాలంటారు. సిద్ధాంతితో ఆర్కిటెక్ట్ ఒక్కడే మాట్లాడాలి, అది పూర్తిగా తేలిందని క్లయింట్ మెసేజ్ పెట్టాకే డిజైనర్ పని మొదలుపెట్టాలి. లేకపోతే డిజైనర్ ఒకే గదికి మూడుసార్లు త్రీడీ చేసి ఇవ్వాల్సి వస్తుంది, ఆ కోపం మీ మీదే చూపిస్తారు.

పేజీలో మిగతావి ఇవి. పంపాలన్న బలవంతం ఎవరికీ లేదు. పంపినందుకు డబ్బు లేదు. క్లయింట్ అనుమతి లేకుండా నంబర్ ఇవ్వకూడదు. నంబర్ వచ్చాక రెండు రోజుల్లో ఫోన్ చేయాలి, పని కుదిరినా కుదరకపోయినా పంపినవాళ్లకు ఒక మాట చెప్పాలి. క్లయింట్ ముందు ఒకరి పనిని ఇంకొకరు తప్పు పట్టకూడదు, ఏదైనా ఉంటే ముందు ఫోన్. ఫొటోలు పెట్టేటప్పుడు ఇద్దరి పేర్లూ రాయాలి. బీమ్, కాలమ్ ముట్టుకోవాల్సి వస్తే స్ట్రక్చరల్ ఇంజనీర్ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే డ్రిల్ ఎత్తకూడదు.

పరిచయం ఎప్పుడు చేయాలి

ఇక్కడే ఎక్కువమంది ఆలస్యం చేస్తారు. పూతలు అయిపోయి, టైల్స్ పడుతుండగా "ఇక ఇంటీరియర్ చూద్దాం" అంటారు. అప్పటికి డిజైనర్ చేతిలో మిగిలేది రంగులు, తలుపులు మాత్రమే.

మన ఉదాహరణ ఇంటికే వద్దాం. 30 అడుగులు, 50 అడుగుల స్థలం, గ్రౌండ్ ప్లస్ వన్, రెండంతస్తులూ కలిపి 2,200 చదరపు అడుగులు. కొడుకు బెంగళూరు, అమ్మానాన్న కింద ఉంటారు. డిజైనర్‌కి ఈ ఇంట్లో మూడు దశల్లో పని పడుతుంది.

మొదటి దశ ప్లాన్ ఖరారు కాకముందు. ఒక్కపూట కూర్చుని ఫర్నిచర్ లేఅవుట్ చూస్తే చాలు. కింద పెద్ద పడకగది 11 బై 13. 11 అడుగుల గోడ పొడవునా వార్డ్‌రోబ్ పెట్టాలని అమ్మగారి కోరిక. వార్డ్‌రోబ్ లోతు రెండడుగులు. కానీ ప్లాన్‌లో గది తలుపు పక్కనున్న 13 అడుగుల గోడలో, వార్డ్‌రోబ్ వచ్చే మూల నుంచి నాలుగంగుళాల్లోనే ఉంది. అలాగే కట్టేస్తే వార్డ్‌రోబ్ వచ్చి గది తలుపు దారికి అడ్డం పడుతుంది, లేదా వార్డ్‌రోబ్‌ను కోసి సగం చేయాలి. మూల నుంచి కనీసం 26 అంగుళాలు వదిలి తలుపు పెడితే సరిపోతుంది, అంటే 22 అంగుళాలు జరపాలి. కాగితం మీద అది ఒక గీత. ఇటుక పని అయ్యాక అయితే మేస్త్రీతో గోడ పగలగొట్టించి మళ్లీ కట్టించడం, లింటెల్ గోడంతా బ్యాండ్‌లా పోయకుండా ఒక్క తలుపు మీదే వేసి ఉంటే కొత్త లింటెల్ కూడా. టైల్స్ అయ్యాక ఎవరూ జరపరు, జీవితాంతం సర్దుకుంటారు.

రెండో దశ స్లాబ్ వేసే ముందు. ఫ్యాన్ బాక్సులు, లైట్ల పైపులు ఇనుము కట్టాక, కాంక్రీటు పోయకముందే అందులో పెట్టేస్తారు. మామూలుగా ఎలక్ట్రీషియన్ గది మధ్య కొలుచుకుని ఫ్యాన్ బాక్స్ పెడతాడు. 13 అడుగుల పొడవులో రెండడుగులు వార్డ్‌రోబ్ తీసుకుంటే మిగిలేది 11, దాని మధ్య అసలు మధ్య నుంచి ఒక అడుగు పక్కకు ఉంటుంది. ఇది చెప్పేవాళ్లు లేకపోతే ఫ్యాన్ మంచం మీద కాకుండా అడుగు పక్కన తిరుగుతుంది. ఫాల్స్ సీలింగ్ వేసే గదుల్లో లైట్లను తర్వాత మార్చుకోవచ్చు, ఫ్యాన్ బరువు మాత్రం స్లాబ్‌కే వేలాడాలి కాబట్టి దాన్ని మార్చడం తేలిక కాదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇటుక పని అయ్యి ఎలక్ట్రీషియన్ గోడల్లో గాడులు కొట్టకముందు. ఆ రోజు ఆర్కిటెక్ట్, డిజైనర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ నలుగురూ సైట్‌లో ఉండాలి, సుద్దముక్కతో గోడల మీద గీయాలి. వంటింట్లో అమ్మగారు ఎత్తు తక్కువ కాబట్టి గట్టు 34 అంగుళాలు కాకుండా 32 పెట్టాలన్నారు, దాంతో గట్టు పైన వచ్చే బోర్డుల ఎత్తు, సింక్ పైపుల ఎత్తు అన్నీ మారతాయి. గ్రైండర్‌కు, వాటర్ ఫిల్టర్‌కు పాయింట్లు. చిమ్నీ గొట్టానికి గోడలో ఆరంగుళాల రంధ్రం ఎటు వెళ్లాలి, దారిలో బీమ్ లేదు కదా? పడకగదిలో మంచం పక్క బోర్డులు వార్డ్‌రోబ్ వెనక్కి పోకూడదు. ఏసీ యూనిట్ ఎక్కడ, దాని నీళ్ల పైపు వాలు ఎటు, వార్డ్‌రోబ్ లాఫ్ట్ పైదాకా వెళ్తే ఏసీకి గోడ మిగులుతుందా.

ఎత్తుల లెక్క ఒకటి కలిసి వేసుకోండి. నేల నుంచి స్లాబ్ అడుగు 10 అడుగులు. బీమ్ మొత్తం లోతు 15 అంగుళాలు, అందులో ఐదు స్లాబ్‌దే, కాబట్టి కిందికి పది అంగుళాలు దిగుతుంది. బీమ్ అడుగు 9 అడుగుల 2 అంగుళాల దగ్గర. ఫాల్స్ సీలింగ్ 9 అడుగులకు వేస్తే బీమ్ దాగిపోతుంది, ఏడడుగుల లింటెల్ పైన కర్టెన్ పెల్మెట్‌కు చోటు కూడా ఉంటుంది. బీమ్ లోతు డిజైనర్‌కు తెలియకపోతే 9 అడుగుల 6 అంగుళాలకు సీలింగ్ గీసి త్రీడీ చూపిస్తారు, క్లయింట్ ముచ్చటపడతాడు, సైట్‌లో బీమ్ బయటికి పొడుచుకొస్తుంది. ఆ రోజు "ఆర్కిటెక్ట్ చెప్పలేదు", "డిజైనర్ అడగలేదు" అని ఇద్దరి మాటా వినాల్సి వచ్చేది క్లయింటే.

అందుకే పరిచయంతో పాటే వెళ్లాల్సిన కాగితాలు: కొలతలున్న ప్లాన్ క్యాడ్ ఫైలు, బీములూ కాలమ్‌లూ ఉన్న స్ట్రక్చరల్ డ్రాయింగ్, లింటెల్, కిటికీ ఎత్తులున్న సెక్షన్, ప్లంబింగ్ లైన్లు. సైట్‌లో మారినవాటిని మార్చి ఇవ్వండి. ఆ తర్వాత కూడా కార్పెంటర్ పూతలయ్యాక గోడ గోడ మళ్లీ కొలుచుకోవాలి, ఎందుకంటే పూత మందంతో గది అంగుళం అటూ ఇటూ అవుతుంది.

ఇక ముహూర్తం. శ్రావణంలో గృహప్రవేశం అని పెట్టుకుంటే ఆషాఢంలో కుదరదు కాబట్టి ముందుకు జరపలేరు, ఆలస్యమైతే ఆ నెల దాటిపోతుంది. వార్డ్‌రోబ్‌లు, వంటిల్లు తయారై బిగించడానికి రెండు, రెండున్నర నెలలు వేసుకోండి. అంటే డిజైన్లు, మెటీరియల్ లిస్టు వైశాఖం నాటికి క్లయింట్ సంతకంతో ఖరారు కావాలి. ముహూర్తం తేదీ తెలిసిన రోజే ఆర్కిటెక్ట్ డిజైనర్‌కి చెప్పాలి, ఇది చిన్నదే కానీ మర్చిపోయేది ఇదే.

పరిచయం చేసే మెసేజ్

క్లయింట్‌కు పెట్టేది ఇలా ఉంటే సరిపోతుంది, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నమస్తే సార్. ఇంటీరియర్ గురించి అడిగారు కదా. నాకు పని తెలిసిన డిజైనర్లు ఇద్దరున్నారు, ఇద్దరూ చేసిన ఇళ్లు మీరు వచ్చినప్పుడు చూపిస్తాను. వీళ్లను చెప్పినందుకు నాకు డబ్బేమీ రాదు. రేటు, ఒప్పందం, గ్యారంటీ మీరు నేరుగా వాళ్లతోనే మాట్లాడుకోవాలి. డ్రాయింగులు వాళ్లతో కలిసి సరిచూసే పనికి నా ఫీజు విడిగా రాసి పంపాను. మీరు సరే అంటే మీ నంబర్ ఇస్తాను. మీకు నచ్చిన డిజైనర్ వేరే ఉన్నా పర్లేదు, వాళ్లకూ ఇవే డ్రాయింగులు ఇస్తాను."

ఇద్దరి పేర్లు ఎందుకంటే, ఒక్కరినే చెప్తే రేపు ఏం జరిగినా "మీరు చెప్పారనే కదా పెట్టుకున్నాం" అంటారు. ఎంచుకున్నది తనే అని క్లయింట్‌కు గుర్తుండాలి. డబ్బేమీ రాదన్న వాక్యం తీసేయొద్దు, అడగకముందే చెప్పిన మాటకు ఉండే నమ్మకం అడిగాక చెప్తే రాదు.

"మా బావమరిది కార్పెంటర్ ఉన్నాడన్నా, అతనితోనే చేయించుకుంటాం" అంటే వదిలేయండి. ఒత్తిడి చేస్తే కమీషన్ ఉందేమో అన్న అనుమానం వెంటనే వస్తుంది.

డిజైనర్ నుంచి ఆర్కిటెక్ట్‌కు

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, ఖాళీ స్థలం ఉన్నవాళ్లు ముందే డిజైనర్ దగ్గరికి వచ్చి ప్లాన్ కూడా మీరే వేయండి అనడం. తుడా పరిధి అయినా కార్పొరేషన్ పరిధి అయినా అనుమతి ఆన్‌లైన్‌లో లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ ద్వారా వెళ్లాలి, సెట్‌బ్యాక్‌లు లెక్క ప్రకారం ఉండాలి. డిజైనర్ "అదంతా నేను చూసుకుంటా" అనకుండా మొదటి మీటింగ్‌లోనే ఆర్కిటెక్ట్‌కు అప్పగించాలి. విజిటింగ్ కార్డు మీద ఆర్కిటెక్ట్ అని రాసుకోవడం కూడా వద్దు, రిజిస్టర్ కానివాళ్లు ఆ పేరు వాడటం అదే 1972 చట్టం ప్రకారం నేరం.

రెండోది ఫ్లాట్లు. "హాల్‌కి వంటింటికి మధ్య గోడ తీసేస్తే ఓపెన్ కిచెన్ బాగుంటాది కదా" అంటారు. నాలుగంగుళాల ఇటుక గోడ అయితే చాలాసార్లు తీయొచ్చు, కానీ లోపల కాలమ్, పైపులు ఉన్నాయేమో చూడాలి, అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి కావాలి. అల్యూమినియం షట్టరింగ్‌తో కట్టిన కొత్త టవర్లలో అయితే గోడలు కాంక్రీటువే, అవే భవనాన్ని మోస్తుంటాయి, వాటిని ముట్టుకోకూడదు. డిజైనర్ ఇక్కడ ఆర్కిటెక్ట్‌నో స్ట్రక్చరల్ ఇంజనీర్‌నో తీసుకొచ్చి చూపించాలి. ఆ ఒక్క విజిట్‌కు ఫీజు క్లయింటే కట్టాలి, డిజైనర్ స్నేహం కోసం ఆర్కిటెక్ట్ ఉచితంగా వచ్చి చెప్పిన మాటకు రేపు బాధ్యత ఎవరిదన్నది తేలదు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

వస్తుంది. లామినేట్ లేచిందనో, డ్రాయర్ పట్టేస్తోందనో క్లయింట్ ఫోన్ చేస్తాడు, చేసేది పరిచయం చేసినవాళ్లకే. "అది వాళ్లను అడగండి" అనొద్దు, "నేనే చేయిస్తా" అని కూడా అనొద్దు. డిజైనర్‌కి అదే రోజు చెప్పి, వారంలో ఒక తేదీ ఇప్పించండి. ఆ తేదీకి వెళ్లకపోతే రెండోసారి క్లయింట్ చేత రాతపూర్వకంగా డిజైనర్‌కే పెట్టించండి, ఎందుకంటే గ్యారంటీ ఒప్పందం వాళ్లిద్దరి మధ్యదే. తప్పు డ్రాయింగ్‌లో ఉంటే, అంటే మీరిచ్చిన బీమ్ ఎత్తే తప్పయితే, ఖర్చు మీ వైపు నుంచి పెట్టుకోవాల్సిందే. తప్పు ఎవరిదో తేల్చడానికి సుద్దతో గీసిన రోజు తీసిన ఫొటోలు చాలా ఉపయోగపడతాయి, ప్రతి గోడనూ టేపు పెట్టి తీసి ఉంచండి.

గృహప్రవేశానికి పది రోజుల ముందు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, మిగిలినవి ఒక లిస్టు రాసి క్లయింట్‌కు ఇస్తే తర్వాత వచ్చే ఫోన్లు బాగా తగ్గుతాయి.

చెడిపోతోందని ఎలా తెలుస్తుంది

ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో ఎవరు ఎవరిని ఎప్పుడు పంపారు, పని కుదిరిందా, క్లయింట్ ఏమన్నాడు అన్నది రాసి పెట్టుకోండి. ఇటునుంచి అయిదుగురు వెళ్లి అటునుంచి ఒక్కరూ రాకపోతే అది వెంటనే మోసం కాదు. ఇల్లు కట్టేవాళ్లకు ఇంటీరియర్ ఎలాగూ కావాలి, ఇంటీరియర్ కోసం వచ్చేవాళ్లలో మాత్రం చాలామంది ఫ్లాట్ల వాళ్లు, వాళ్లకు ప్లాన్‌తో పని లేదు. సంఖ్య సమానం కావాలని పట్టుబడితే ఇద్దరూ అనవసరమైన పేర్లు పంపుకోవడం మొదలుపెడతారు.

చూడాల్సిన గుర్తులు వేరే. పంపిన క్లయింట్ సంగతి మీరే ఫోన్ చేసి అడిగితే తప్ప తెలియకపోవడం. కొటేషన్‌లో రాసిన గ్రేడ్ ఒకటి, సైట్‌కి దిగిన షీటు మీద ముద్ర ఇంకోటి. "మీ ఆర్కిటెక్ట్ ప్లానే సరిగా లేదు" అన్న మాట క్లయింట్ నోట వినడం. డ్రాయింగ్ మార్చకుండా ఎలక్ట్రీషియన్‌కు నేరుగా వాయిస్ మెసేజ్‌లు వెళ్లడం. వీటిలో ఒకటి కనిపిస్తే కూర్చుని మాట్లాడండి. రెండోసారీ అదే కనిపిస్తే కొత్త పేర్లు పంపడం ఆపేయండి.

ఆపేటప్పుడు నడుస్తున్న సైట్లను మధ్యలో వదిలేయకూడదు, వాటికి డ్రాయింగులు, ఉమ్మడి విజిట్‌లు ముందు అనుకున్నట్టే పూర్తి చేయాలి. ఈ వాక్యం కూడా మొదటి రోజు రాసుకున్న ఆ ఒక పేజీలో చేర్చండి, విడిపోయే రోజు దాన్ని కూర్చుని రాసుకునే ఓపిక ఇద్దరికీ ఉండదు.